పచ్చి చేప, సగం ఉడికిన ఆల్చిప్ప: ప్రయాణానికి ముందు అందరూ అడిగే ప్రశ్నలు

నేను భీమవరం దగ్గర ఒక రొయ్యల ఎక్స్‌పోర్ట్ ప్లాంట్ ల్యాబ్‌లో పని చేస్తాను. రోజూ చేసేది ఒకటే పని: ఫ్రీజ్ చేసిన రొయ్యల్లో ఏ బ్యాక్టీరియా ఉందో, ఏది లేదో చూడటం. మా చుట్టాల పిల్లలు బ్యాంకాక్, సింగపూర్, టోక్యో అంటూ తిరగడం మొదలుపెట్టాక నా ఫోన్‌కి పని పెరిగింది. "అన్నా, ఇక్కడ పచ్చి చేప పెట్టారు, తినొచ్చా?" అంటూ ఫోటో వస్తుంది. ప్లేటు ఎదురుగా పెట్టుకుని అడిగితే సరిగ్గా చెప్పలేను. అందుకే తీరిగ్గా కూర్చుని ఇక్కడ రాశాను.

మనం చేపని పచ్చిగా తినే వాళ్లం కాదు కదా, ఇదంతా మనకెందుకు?

మన పులుసు పొయ్యి మీద కనీసం పావుగంట కుతకుతమంటుంది. ఆ వేడికి చేపలో ఏ పురుగున్నా, ఏ బ్యాక్టీరియా ఉన్నా బతకదు. కాబట్టి ఏ చేప పచ్చిగా తినొచ్చు, ఏది తినకూడదు అని మన ఇళ్లలో ఎవరూ నేర్పలేదు, నేర్పాల్సిన అవసరమూ రాలేదు. తీరా బయటికి వెళ్లాక పచ్చిది తింటున్నామని తెలియకుండానే తినేస్తాం. థాయ్ బొప్పాయి సలాడ్‌లో పచ్చి పీత ముక్క ఉండొచ్చు. హోటల్ బ్రేక్‌ఫాస్ట్‌లో బ్రెడ్ మీద పరిచిన నారింజ రంగు పలుచని పొర స్మోక్డ్ సాల్మన్. దానికి పొగ పట్టిస్తారే గానీ వండరు. సుషీని చూస్తే జాగ్రత్త పడతాం. ఇలాంటి వాటి మీదే అనుమానం రాదు.

పచ్చి చేపలో అసలు భయపడాల్సింది దేనికి?

మూడు రకాలవాటికి. సముద్రపు చేపలో పురుగు. మంచినీటి చేపలో కంటికి కనిపించని పురుగు గుడ్డులాంటి తిత్తి. ఈ రెండింటిలోనూ, ముఖ్యంగా ఆల్చిప్పల్లో, బ్యాక్టీరియా, వైరస్‌లు.

వీటిని విడివిడిగా చెప్పడానికి కారణం ఉంది. గట్టి చలికి పురుగు చస్తుంది, బ్యాక్టీరియా చావదు. మామూలు వేడికి పురుగూ బ్యాక్టీరియా రెండూ చస్తాయి, కొన్ని వైరస్‌లు మాత్రం కాస్త మొండికేస్తాయి. అందుకని ప్లేటు ముందుకు రాగానే రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది సముద్రపు చేపా, మంచినీటి చేపా? దీన్ని ముందు గడ్డకట్టించారా, లేదా? ఆల్చిప్ప అయితే ఈ రెండు ప్రశ్నలూ పనికిరావు. దాని సంగతి కింద వేరే చెప్తాను.

సముద్రపు చేపలో పురుగు అంటే ఏది?

దాని పేరు అనిసాకిస్. పెద్ద పురుగులు తిమింగలాలు, డాల్ఫిన్ల కడుపులో ఉంటాయి. వాటి గుడ్లు సముద్రంలో పడతాయి, పిల్లపురుగుల్ని రొయ్యలాంటి చిన్న జీవులు తింటాయి, వాటిని చేపలు, స్క్విడ్‌లు తింటాయి, ఆ చేపల్ని మళ్లీ తిమింగలాలు తింటాయి. మధ్యలో మనం దూరి ఆ చేపని పచ్చిగా తింటే పురుగు దారి తప్పుతుంది. మన కడుపులో అది పెరిగి పెద్దది కాలేదు, కానీ చచ్చేలోపు కడుపు గోడలోకి తల దూర్చి చూస్తుంది.

చేప పొట్ట కోసినప్పుడు పేగుల మీద, కాలేయం మీద గడియారం స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది. తెల్లగా దారంలా కనిపిస్తుంది, సాగదీస్తే రెండు మూడు సెంటీమీటర్లు ఉంటుంది. చేప బతికున్నంతకాలం ఇది ఎక్కువగా పొట్టలోనే ఉంటుంది. చేప చచ్చాక పొట్ట శుభ్రం చేయకుండా అలాగే వదిలేస్తే కండలోకి పాకుతుంది. సముద్రం మీదే పొట్ట తీసేసి ఐస్‌లో పెట్టిన చేపకి, సాయంత్రం దాకా అలాగే ఉంచిన చేపకి తేడా అక్కడే వస్తుంది.

జపాన్‌లో దీనికి పేరుమోసిన చేప 'సబా'. ఇది మన కనగుర్తలకి దగ్గర చుట్టం. (మన కనగుర్త శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిగర్ కనగుర్త. విశాఖ తీరంలో జాలర్లు పిలిచే పేరే శాస్త్రంలోకి ఎక్కింది. చేపల మార్కెట్‌లో ఈ మాట చెప్తే ఎవరూ నమ్మరు.)

అది కడుపులోకి వెళ్తే ఎలా తెలుస్తుంది?

మా స్నేహితుడి అనుభవం చెప్తాను. ఆఫీసు పని మీద టోక్యో వెళ్లాడు. రాత్రి ఎనిమిది గంటలకి అందరితో కలిసి భోజనం. వెనిగర్‌లో కాసేపు నానబెట్టి, తోలు వైపు మాత్రం మంటతో కాస్త కాల్చిన సబా ముక్కలు వచ్చాయి. "పైన కాల్చారు కదా" అనుకుని నాలుగు ముక్కలు తిన్నాడు. రాత్రి ఒంటిగంటకి బొడ్డు పైన మెలిపెట్టినట్టు నొప్పి. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. రెండుసార్లు వాంతి అయింది. గ్యాస్ అనుకుని వెంట తెచ్చుకున్న మాత్ర వేసుకున్నాడు. ఏమీ తేడా రాలేదు.

అతను గమనించింది ఒకటుంది, అదే ముఖ్యం: జ్వరం లేదు, విరేచనాలు లేవు. తిండి పడకపోతే మామూలుగా వచ్చేవి అవే. ఇక్కడ వచ్చింది నొప్పి ఒక్కటే, అది కూడా తిన్న కొన్ని గంటల్లోనే. పొద్దున డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న "నిన్న రాత్రి ఏ చేప తిన్నారు?" అని. సబా అనగానే ఎండోస్కోపీకి పంపాడు. గొట్టం లోపలికి వెళ్లాక స్క్రీన్ మీద కడుపు గోడకి తల గుచ్చుకుని ఊగుతున్న తెల్లని దారం కనిపించిందట. చిన్న పట్టకారుతో పట్టి లాగేశారు. హోటల్‌కి చేరేలోపే నొప్పి చాలా వరకు తగ్గిపోయింది.

ఇదే మనూళ్లో అయితే అల్సర్ అనో అపెండిక్స్ అనో రెండు రోజులు గడిచేవి. డాక్టర్ తప్పేం కాదు, మన దగ్గర ఎవరూ పచ్చి చేప తినరు కాబట్టి ఆ ఊహ రాదు. అందుకే పచ్చి చేప తిన్న సంగతి మనమే ముందు చెప్పాలి. ఇంకో మాట. కొంతమందికి ఈ పురుగు వల్ల ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి, ఊపిరి కూడా ఆడదు. అది అలర్జీ, వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే.

నిమ్మరసం పిండితే, వెనిగర్ పోస్తే, వసాబీ అద్దితే చస్తుంది కదా?

చావదు. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. పచ్చి చేప మీద నిమ్మరసం పోస్తే ముక్క తెల్లబడి గట్టిపడుతుంది, చూడటానికి ఉడికినట్టే ఉంటుంది. పులుపుకి మాంసకృత్తులు ముడుచుకోవడం వల్ల ఆ రంగు వస్తుంది. లోపలున్న పురుగుకి దాంతో నష్టం లేదు. ఆలోచిస్తే విషయం తెలిసిపోతుంది: కడుపులో ఆమ్లం నిమ్మరసం కంటే ఘాటైనది, ఈ పురుగు అక్కడే బతికి గోడని తొలుస్తోంది. దానికి నిమ్మకాయ ఒక లెక్కా?

కారం, ఉప్పు, వసాబీ, పక్కన తాగే మందు, అన్నిటిదీ అదే కథ. బ్యాక్టీరియాని పులుపు కొంత తగ్గిస్తుంది గానీ నమ్ముకునేంత కాదు. పెరూ దేశపు సెవిచే ఇలా నిమ్మరసంలో నానిన పచ్చి చేపే. 1991లో అక్కడ కలరా మొదలైనప్పుడు అనుమానించిన వంటకాల్లో అదీ ఉంది.

మరి దేనికి చస్తుంది?

బాగా చలికి, లేదా వేడికి. చలి విషయంలో దేశానికో లెక్క ఉంది. యూరప్, జపాన్ లెక్క ప్రకారం ముక్క లోపలి దాకా మైనస్ 20 డిగ్రీలకి చేరి 24 గంటలు ఉండాలి. అమెరికా ఇంకాస్త జాగ్రత్తగా మైనస్ 20లో 7 రోజులు అంటుంది. మైనస్ 35లో అయితే 15 గంటలు చాలు. వేడి అయితే ముక్క మధ్యలో 63 డిగ్రీలు.

ఇంట్లో ఫ్రీజర్‌లో పెడితే సరిపోతుందా అని అడుగుతారు. మామూలు ఫ్రీజర్ మైనస్ 18 చూపిస్తుంది, అదీ తలుపు తీయకపోతే. పిల్లలు ఐస్‌క్రీమ్ కోసం పది సార్లు తీస్తారు, మధ్యలో కరెంటు పోతుంది, పైగా కిలో ముక్క లోపలి దాకా గడ్డకట్టడానికే చాలా సమయం పడుతుంది. మా ప్లాంట్‌లో బ్లాస్ట్ ఫ్రీజర్ మైనస్ 35, 40లో గాలిని ఊదుతూ నడుస్తుంది, అయినా థర్మామీటర్ ముక్క మధ్యలో గుచ్చి చూస్తేగాని లాట్ బయటికి పంపం. కాబట్టి ఇంటి ఫ్రీజర్‌ని నమ్ముకుని ఇంట్లో సుషీ చేయొద్దు.

ఇంకో అపోహ కూడా ఇక్కడే తీర్చేస్తాను. గడ్డకట్టిస్తే బ్యాక్టీరియా చస్తుందనుకుంటారు. అదే నిజమైతే నా ఉద్యోగం ఉండేది కాదు. గట్టిగా గడ్డకట్టిన రొయ్యల్ని కరిగించి మేం సాల్మొనెల్లా, కలరా బ్యాక్టీరియా కోసం వెతికేది అవి చలిలో నిద్రపోతాయే తప్ప చావవు కాబట్టే.

ప్యాకెట్ మీద 'సుషీ గ్రేడ్' అని ఉంటే?

అమెరికాలో ఆ మాటకి చట్టంలో అర్థమే లేదు. అమ్మేవాడు తన ఇష్టం కొద్దీ వేసుకునే ముద్ర. మంచి షాపువాడు పైన చెప్పిన లెక్క ప్రకారం గడ్డకట్టించాకే ఆ ముద్ర వేస్తాడు, మరొకడు వట్టిగా తాజా చేపకి వేస్తాడు. "దీన్ని ఫ్రీజ్ చేశారా, ఎన్ని రోజులు?" అని అడిగితే తేలిపోతుంది. పురుగు విషయంలో మాత్రం మన అలవాటు తలకిందులవుతుంది. "ఇప్పుడే పడవ దిగింది, ఫ్రీజర్ మొహమే చూడలేదు" అన్న చేప పులుసుకి బంగారం. పచ్చిగా తినడానికి మాత్రం అదే ఎక్కువ ప్రమాదం.

సుషీలో ఎక్కువ కనిపించేవి సాల్మన్, ట్యూనా. వాటి సంగతి?

ఈ రెండింటిలోనే కాస్త ధైర్యం. నార్వేలాంటి చోట్ల పంజరాల్లో పెంచే సాల్మన్ తయారుచేసిన మేత తింటుంది, పురుగున్న చిన్న జీవుల్ని తినే అవకాశం తక్కువ. అందుకే యూరప్‌లో అలా పెంచిన సాల్మన్‌కి ఫ్రీజింగ్ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. అడవి సాల్మన్ అలా కాదు, దానిలో అనిసాకిస్‌తో పాటు బద్దెపురుగు కూడా ఉండొచ్చు. జపాన్ వాళ్లు పాతకాలంలో సాల్మన్‌ని పచ్చిగా తినేవాళ్లే కాదు. నార్వే వాళ్లు 1980లలో పెంపకం సాల్మన్‌ని తెచ్చి అలవాటు చేశారు. పెద్ద ట్యూనాలకి అమెరికా నిబంధనల్లోనూ మినహాయింపు ఉంది.

థాయ్‌లాండ్ వెళ్తున్నాం. అక్కడ మంచినీటి చేప అంత ప్రమాదమా?

ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతానంటే ఇది చదవండి.

థాయ్‌లాండ్ ఈశాన్య భాగాన్ని ఇసాన్ అంటారు. ఖోన్ కేన్, ఉడోన్ థాని ఊళ్లు అక్కడివి. అవతల లావోస్. అక్కడ 'కోయ్ ప్లా' అని ఒక వంటకం ఉంది. చెరువుల్లో దొరికే చిన్న చేపల్ని సన్నగా తరిగి, నిమ్మరసం, కారం, వేయించి దంచిన బియ్యం, పుదీనా కలిపి పచ్చిగానే తింటారు. ఆ చేపల కండలో లివర్ ఫ్లూక్ అనే పురుగు తిత్తులు ఉంటాయి. మిల్లీమీటరులో నాలుగో వంతు కూడా ఉండవు, కంటికి కనిపించవు. చేపని ఎంత శుభ్రంగా కడిగినా, ఎంత తాజాగా ఉన్నా దొరకవు.

కడుపులోకి వెళ్లాక తిత్తి విడిపోయి పురుగు పైత్యరసం గొట్టంలోకి పాకుతుంది. అక్కడే ఆకులాంటి చిన్న పురుగుగా పెరిగి, పదేళ్లు దాటి కూడా బతుకుతుంది. మనిషికి ఏమీ తెలియదు. నొప్పి లేదు, జ్వరం లేదు. గొట్టం లోపల మాత్రం ఏళ్ల తరబడి రాపిడి జరిగి, కొంతమందిలో పైత్యనాళ క్యాన్సర్‌గా మారుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే ఈ పురుగుని క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో పెట్టింది. పైత్యనాళ క్యాన్సర్ ప్రపంచంలో అతి ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఇసాన్ ఒకటి. చైనా, కొరియా, వియత్నాంలలో దీనికి చుట్టమైన ఇంకో ఫ్లూక్ ఉంది, దాని దారీ అదే.

ఒక్కసారి తింటే క్యాన్సర్ వస్తుందా? అలా రాదు, అది ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ తిన్నవాళ్ల కథ. కానీ పురుగు అంటుకోవడానికి ఒక్కసారి చాలు. దానికి ప్రాజిక్వాంటెల్ అనే మందు ఉంది, బాగా పని చేస్తుంది, డాక్టర్ చూసి ఇవ్వాలి. ఇసాన్ పల్లెల్లో ఇబ్బంది ఏమిటంటే మందు వేసుకుని మళ్లీ కోయ్ ప్లా తింటారు, పురుగు మళ్లీ వస్తుంది. నాన్నమ్మ చేతి వంట మానమంటే మానతారా? మనల్ని రేపటి నుంచి చేపల పులుసు మానమన్నట్టే ఉంటుంది.

కొర్రమీను కుటుంబపు చేపల్లోనూ ఆ ప్రాంతంలో ఇంకో పురుగు ఉంది, అది చర్మం కింద పాకుతూ తిరుగుతుంది. మొత్తానికి నా మాట ఇదే: చెరువు, కాలవ, నది చేప ఏ దేశంలోనైనా, ఎవరు పెట్టినా పచ్చిగా తినొద్దు.

అయితే సోమ్ తమ్ మానేయాలా?

అక్కర్లేదు, అడిగే పద్ధతి ఉంది. ఆ బొప్పాయి సలాడ్‌లో చాలా రకాలు ఉంటాయి. 'తమ్ థాయ్' అంటే పల్లీలు, ఎండు రొయ్యలు వేస్తారు, మన నాలుకకి కూడా అదే బాగుంటుంది. 'తమ్ పూ' అంటే ఉప్పులో ఊరిన పచ్చి పీత. 'ప్లా రా' అంటే మంచినీటి చేపని ఊరబెట్టిన రసం. నెలల తరబడి ఊరితే ప్రమాదం తగ్గుతుంది, కానీ ఎన్నాళ్లు ఊరిందో రోడ్డు పక్క మనకి ఎవరు చెప్తారు? మరిగించిన ప్లా రా కూడా అమ్ముతారు.

రెండు మాటలు గుర్తుపెట్టుకోండి: 'దిప్' అంటే పచ్చిది, 'సుక్' అంటే ఉడికింది. ప్లేటు చూపించి "సుక్?" అని అడిగితే చాలు, నవ్వుతూ చెప్తారు. 'గుంగ్ చే నామ్ ప్లా' అని మెనూలో ఉంటే అవి ఫిష్ సాస్‌లో ముంచిన పచ్చి రొయ్యలు. రొయ్యలు కదా అని ఆర్డర్ ఇచ్చి, తీరా వచ్చాక గాజులా మెరుస్తుంటే చూసి బిత్తరపోయినవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు.

సింగపూర్ చాలా శుభ్రమైన దేశం కదా?

శుభ్రమైనదే. అక్కడ జరిగింది చూస్తే శుభ్రత ఒక్కటే చాలదని తెలుస్తుంది. తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే అక్కడి హాకర్ సెంటర్లలో గంజితో పాటు నంజుకోవడానికి పచ్చి చేప పలుచని ముక్కలు ఇచ్చేవారు, అల్లం, నువ్వుల నూనె, నిమ్మరసం వేసి. ఎక్కువగా బొచ్చె జాతికి దగ్గరైన గండుచేప, లేదా కొర్రమీను జాతి చేప. రెండూ మంచినీటివే. 2015లో గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా రక్తంలోకి చేరినవాళ్లు ఒక్కసారిగా పెరిగారు. మామూలుగా అది పసిపిల్లల్ని, ముసలివాళ్లని బాధించేది. ఈసారి ఆరోగ్యంగా ఉన్న నడివయసు వాళ్లకి కూడా మెదడు పొర వాపు, కీళ్లలో చీము వచ్చాయి. వందమందికి పైగా జబ్బుపడ్డారు. వెతికితే దారి ఆ పచ్చి చేప గిన్నె దగ్గరికి చేరింది. ఆ ఏడాది డిసెంబర్‌లో సింగపూర్ మంచినీటి చేపల్ని పచ్చిగా వడ్డించడం నిషేధించింది.

చైనా కొత్త సంవత్సరానికి అందరూ కలిసి చాప్‌స్టిక్స్‌తో ఎగరేసి కలుపుతారే, ఆ సలాడ్‌లో సాధారణంగా సాల్మన్ వేస్తారు. ఆఫీసులో పిలిస్తే దీన్నీ దాన్నీ ఒకటనుకుని కంగారు పడకండి.

ఆల్చిప్పలు పచ్చిగా తింటే? నిమ్మకాయ పిండి మింగేస్తున్నారు కదా.

ఆల్చిప్ప నీటిని వడకట్టి బతికే జీవి. రోజంతా నీళ్లు లోపలికి లాగి, అందులో ఉన్నదాన్ని తనలో పోగేసుకుంటుంది. ఊరి మురుగు ఆ నీటిలో కలిస్తే ఆ వైరస్‌లు కూడా పోగవుతాయి. చేపలో అయితే కండ మాత్రమే తింటాం, పేగులు తీసేస్తాం. ఆల్చిప్పని పేగులతో సహా మింగుతాం. 1988లో షాంఘైలో సగం ఉడికిన చిప్పలు తిని సుమారు 3 లక్షల మందికి హెపటైటిస్ ఏ కామెర్లు వచ్చాయి. అక్కడ వాటిని వేడినీళ్లలో ముంచి తీయడమే వంట.

వెచ్చని సముద్రంలో మురుగు లేకపోయినా విబ్రియో బ్యాక్టీరియా సహజంగానే ఉంటుంది. అందులో ఒక రకం రెండు మూడు రోజుల విరేచనాలతో వదిలేస్తుంది. ఇంకోటి, విబ్రియో వల్నిఫికస్, కాలేయం దెబ్బతిన్నవాళ్లలో రక్తంలోకి ఎక్కి ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీయగలదు. ఆల్చిప్ప వాసన, రంగు, రుచి ఏదీ మారదు. తాజాగా ఉందా లేదా అన్నది ఇక్కడ పరీక్ష కానే కాదు.

జపాన్ సూపర్ మార్కెట్‌లో ఆల్చిప్పల ప్యాకెట్ల మీద రెండు రకాల ముద్రలుంటాయి. 'సెయిషోకు-యో' అంటే పచ్చిగా తినడానికి, 'కనెత్సు-యో' అంటే వండటానికి. రెండోది పాతదని కాదు, తేడా పెరిగిన నీటిది, శుభ్రం చేసిన పద్ధతిది. వండే రకం ఎంత తాజాగా ఉన్నా పచ్చిగా తినకూడదు. పచ్చి రకం కూడా పూర్తి హామీ కాదు, అక్కడ చలికాలంలో నోరోవైరస్ వాంతులు ఏటా ఉండేవే.

పచ్చివి అసలు ముట్టుకోకూడని వాళ్లు ఎవరు?

కాలేయం జబ్బు ఉన్నవాళ్లు, హెపటైటిస్ బి లేదా సి ఉన్నవాళ్లు, రోజూ మందు తాగేవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు, తలసీమియా లాంటి వాటి వల్ల ఒంట్లో ఇనుము పేరుకున్నవాళ్లు, క్యాన్సర్ మందులు వాడేవాళ్లు. గ్యాస్‌కి రోజూ మాత్ర వేసుకునేవాళ్లని కూడా ఈ జాబితాలో చేరుస్తాను. కడుపులో ఆమ్లం తగ్గితే బ్యాక్టీరియాకి మొదటి గేటు తీసి పెట్టినట్టే. మన ఇళ్లలో నలభై దాటిన ఎంతమందికి షుగర్ ఉందో, గ్యాస్ మాత్ర ఉందో లెక్కేసుకోండి. గర్భిణులు ఆల్చిప్పలతో పాటు వండని స్మోక్డ్ సాల్మన్ కూడా వదిలేయాలి, అందులో లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు, అది బిడ్డకి ప్రమాదం.

ఉడికిందో లేదో హోటల్‌లో ఎలా కనిపెట్టాలి?

చేప అయితే ఫోర్క్‌తో లావుగా ఉన్నచోట, ముల్లు పక్కన విప్పి చూడండి. ఉడికితే పొరలు పొరలుగా విడిపోతుంది, గాజులా మెరవదు. ముల్లు పక్కన ఎర్రగా, జిగటగా ఉంటే వెనక్కి పంపండి, మొహమాటం వద్దు. మన ఇంటి తవా ఫ్రైలో కూడా మందపాటి వంజరం ముక్కకి ఇదే జరుగుతుంది. పైన మసాలా మాడుతుంది, లోపల పచ్చి.

చిప్పలు నోరు తెరుచుకోగానే ఉడికిపోయాయని అనుకుంటారు. తెరుచుకున్నాక ఇంకో 3 నుంచి 5 నిమిషాలు మరగాలి. ఆవిరి మీదైతే మొత్తం 4 నుంచి 9 నిమిషాలు. అసలు తెరుచుకోనివి పారేయాలి. నోరోవైరస్ గట్టిది, తేలికపాటి ఆవిరికి లొంగకపోవచ్చు, అందుకే చిప్పల్ని బాగా ఉడికించాలి. థాయ్ సముద్ర తీరంలో నెత్తుటి రంగు రసంతో వచ్చే ఉడికీ ఉడకని చిప్పలు నేనైతే తినను.

టేబుల్ మీద మరిగే రసంలో ముక్కలు మనమే ఉడికించుకునే హాట్‌పాట్ దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. పచ్చి ముక్క తీసిన చాప్‌స్టిక్‌తోనే ఉడికింది తింటారు. పచ్చివాటికి వేరే జత పెట్టుకుంటే సరి.

బాగా ఉడికితే ఇక ఏ భయమూ లేదా?

ఒకటి మిగులుతుంది. ట్యూనా, సబా, కనగుర్త లాంటి చేపల్ని ఐస్ లేకుండా ఎండలో ఉంచితే బ్యాక్టీరియా హిస్టమిన్ తయారుచేస్తుంది. దాన్ని తర్వాత ఎంత ఉడికించినా పోదు. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడి, తల పగిలిపోతూ, గుండె దడదడలాడుతుంది. కొందరికి చేప మిరియంలా నాలుక మీద చురుక్కుమంటుంది. అలా అనిపిస్తే అక్కడితో ఆపేయండి.

మన దేశంలోనే ఎక్కడైనా ఇలాంటివి ఉన్నాయా?

ఉన్నాయి. మణిపూర్, నాగాలాండ్, అరుణాచల్ కొండవాగుల్లో దొరికే పీతల్ని పచ్చిగానో, సగం కాల్చో తింటే ఊపిరితిత్తుల్లో చేరే ఒక ఫ్లూక్ ఉంది. దగ్గు, రక్తం కలిసిన కళ్లె వస్తాయి. టీబీ అని పొరపడి నెలల తరబడి టీబీ మందులు వాడినవాళ్లున్నారు. అక్కడికి ట్రెక్కింగ్‌కి వెళ్లొచ్చాక ఇలాంటి దగ్గు వస్తే డాక్టర్‌కి పీత సంగతి చెప్పండి.

తినేశాను. ఇప్పుడేం చేయాలి?

ముందు కంగారు తగ్గించుకోండి, పచ్చి చేప తిన్న ఎక్కువమందికి ఏమీ కాదు. ఎన్ని గంటలకి, ఏం తిన్నారో ఫోన్‌లో రాసి పెట్టుకోండి, ఫోటో ఉంటే దాచండి. వాంతి చేసుకోవాలని ప్రయత్నించొద్దు, ముందు జాగ్రత్తగా యాంటీబయాటిక్ మింగొద్దు.

కొన్ని గంటల్లోనే జ్వరం లేకుండా పైకడుపులో మెలిపెట్టే నొప్పి వస్తే అనిసాకిస్ అనుమానించండి. ఎండోస్కోపీ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. విరేచనాలు, వాంతులు అయితే ఓఆర్ఎస్ తాగుతూ ఉండండి. రక్తం పడినా, నీళ్లు కూడా నిలవకపోయినా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. చలితో జ్వరం, కాళ్ల మీద నల్లని నీటి పొక్కులు, మనిషి మత్తుగా ఉండటం కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు, అంబులెన్స్ పిలవండి. అది వల్నిఫికస్ కావచ్చు, ఆల్చిప్ప తిన్న సంగతి ముందే చెప్పండి. ఇసాన్‌లోనో లావోస్‌లోనో మంచినీటి చేప పచ్చిగా తిని ఉంటే తొందర లేదు. నెల దాటాక ఊళ్లో మల పరీక్షలో పురుగు గుడ్లు ఉన్నాయేమో చూడమని అడగండి. ముందే చేయిస్తే గుడ్లు కనిపించవు, ఏమీ లేదనుకుని మర్చిపోతారు.

మీరైతే ఏం తింటారు?

మంచి రద్దీ ఉన్న షాపులో పెంపకం సాల్మన్, ట్యూనా సుషీ తింటాను. సబా వస్తే "ఫ్రీజ్ చేసిందేనా" అని అడుగుతాను, జవాబు నసిగితే పక్కన పెట్టేస్తాను. మంచినీటి చేప పచ్చిగా ఎవరు పెట్టినా చేతులు జోడిస్తాను. పచ్చి ఆల్చిప్ప ఇప్పటిదాకా తినలేదు. ఒకసారి నోటిదాకా తెచ్చాను గానీ, ఆ వారమే ల్యాబ్‌లో పెట్రీ డిష్ మీద చూసిన ఆకుపచ్చ విబ్రియో చుక్కలు గుర్తొచ్చి ప్లేటులో పెట్టేశాను. వేయించి తెమ్మన్నాను. వెల్లుల్లి వేసి తెచ్చారు, చాలా బాగుంది.